ఆప్షన్ గ్రీకులు

ఆప్షన్ ధరను నిర్ణయించే అంశాలలో ఒకటి కొద్దిగా మారినపుడు ఆ ధర ఎంత మారుతుందో తెలిపే సంఖ్యలను '''ఆప్షన్ గ్రీకులు''' అంటారు. వీటిలో ఎక్కువ భాగాన్ని గ్రీకు అక్షరాల పేర్లతో పిలవడం వలన ఈ పేరు వచ్చింది. డెల్టా, గామా, థీటా, వేగా వీటిలో ముఖ్యమైనవి. వేగా అనేది నిజానికి గ్రీకు అక్షరం కాదు. మిగిలిన వాటి పద్ధతిలోనే ఆ పేరు వాడుకలోకి వచ్చింది. వీటితో పాటు తరచుగా వినిపించే ఇంప్లయిడ్ వొలాటిలిటీ గ్రీకు కాదు. అది మార్కెట్టులో ఉన్న ఆప్షన్ ధర నుండి వెనుకకు లెక్క కట్టి రాబట్టే సంఖ్య. అయితే గ్రీకులన్నీ దానిపైనే ఆధారపడతాయి కనుక రెండింటినీ కలిపి చదవవలసి ఉంటుంది.

ఈ సంఖ్యలు ఏమి చెబుతాయో, ఏమి చెప్పలేవో తెలుసుకోవడానికి హైదరాబాదుకు చెందిన సత్యం కంప్యూటర్ సర్వీసెస్ షేరు 2009 జనవరి 7న కూలిపోయిన సంఘటన మంచి ఉదాహరణ. ఈ వ్యాసంలోని లెక్కలన్నీ ఆ షేరు మీదనే చేయబడ్డాయి.

## ఆప్షన్ అంటే

ఒక షేరును ముందుగా నిర్ణయించుకున్న ధరకు, ఒక గడువులోగా కొనే హక్కును కాల్ ఆప్షన్ అనీ, అమ్మే హక్కును పుట్ ఆప్షన్ అనీ అంటారు. ముందుగా నిర్ణయించుకున్న ఆ ధరను స్ట్రైకు ధర అంటారు. హక్కు కొన్నవాడు దానికి చెల్లించే మొత్తం ప్రీమియం. కొన్నవాడికి హక్కు మాత్రమే ఉంటుంది, బాధ్యత ఉండదు. అమ్మినవాడికి ప్రీమియం దక్కుతుంది, దానితో పాటు బాధ్యత కూడా వస్తుంది.

భారతదేశంలోని నేషనల్ స్టాక్ ఎక్స్చేంజిలో సూచీలపై ఆప్షన్లు 2001 జూన్‌లోను, విడి కంపెనీల షేర్లపై ఆప్షన్లు 2001 జూలైలోను ప్రారంభమయ్యాయి. సత్యం షేరుపై కూడా ఆప్షన్లు, ఫ్యూచర్లు నడిచేవి. ఆ కంపెనీ అప్పట్లో నిఫ్టీ సూచీలో సభ్యురాలు.

## సంఘటన నేపథ్యం

2008 డిసెంబరు 16న సత్యం సంస్థ తన ప్రమోటర్ కుటుంబానికి చెందిన మేటాస్ ప్రాపర్టీస్, మేటాస్ ఇన్‌ఫ్రా కంపెనీలను కొనుగోలు చేస్తామని ప్రకటించింది. మదుపరుల నుండి తీవ్ర వ్యతిరేకత రావడంతో గంటల వ్యవధిలోనే ఆ ప్రతిపాదనను విరమించుకుంది. మరుసటి రోజు షేరు ధర సుమారు 30 శాతం పడిపోయింది. తరువాతి మూడు వారాలలో ధర కొంత దిగి, మళ్ళీ కొంత కోలుకుని, 2009 జనవరి 6న సుమారు 179 రూపాయల వద్ద ముగిసింది.

జనవరి 7న కంపెనీ ఛైర్మన్ బి.రామలింగరాజు లేఖ బయటకు వచ్చింది. పుస్తకాలలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్ల రూపాయలు లేనివని ఆయన ఆ లేఖలో ఒప్పుకున్నారు. ఆ రోజు షేరు సుమారు 78 శాతం పతనమై 40 రూపాయల దరిదాపుల్లో ముగిసింది. ఆప్షన్లు, ఫ్యూచర్లు నడిచే షేర్లకు మామూలు షేర్లకు ఉండే రోజువారీ ధర పరిమితులు వర్తించవు. అందుచేత ఒకే రోజులో ఇంత పతనం సాధ్యమైంది.

## లెక్కకు తీసుకున్న ఆప్షన్

జనవరి 6న 160 రూపాయల స్ట్రైకు గల పుట్ ఆప్షన్‌ను ఊహించుకుందాం. నెలవారీ ఆప్షన్లు ఆ కాలంలో నెలలోని చివరి గురువారం ముగిసేవి కనుక గడువు జనవరి 29, అంటే ఇంకా 23 రోజులు. లెక్క సులువుగా ఉండడానికి షేరు ధరను 180 రూపాయలుగాను, వడ్డీ రేటును సున్నాగాను తీసుకుందాం. షేరు ధరలు, తేదీలు వాస్తవమైనవే. స్ట్రైకు, ప్రీమియం, వొలాటిలిటీ అంకెలు మాత్రం వివరణ కోసం ఎంచుకున్నవి. ఆ రోజు మార్కెట్టులో నమోదైన ధరలు కావు.

ఆప్షన్ ధర కట్టడానికి ఎక్కువగా వాడే సూత్రం 1973లో ఫిషర్ బ్లాక్, మైరన్ షోల్స్ ప్రచురించినది. పుట్ ఆప్షన్‌కు ఆ సూత్రం ఇది:

```
d1 = [ln(S/K) + (r + σ²/2)·T] / (σ·√T)
d2 = d1 − σ·√T
P  = K·e^(−rT)·N(−d2) − S·N(−d1)
```

ఇందులో S షేరు ధర, K స్ట్రైకు ధర, T సంవత్సరాలలో చెప్పిన గడువు, r వడ్డీ రేటు, σ వొలాటిలిటీ. N అనేది సంభావ్యతా శాస్త్రంలోని సామాన్య వితరణ పట్టిక నుండి తీసుకునే విలువ. మొదటి నాలుగు అంశాలు అందరికీ తెలిసినవే. ఐదవదైన σ మాత్రం ఎక్కడా రాసి ఉండదు. గడువులోగా షేరు ధర ఎంత ఊగిసలాడబోతోందో అది చెప్పాలి. ఆప్షన్ ధరలో అసలు బేరమంతా దీని గురించే.

## ఇంప్లయిడ్ వొలాటిలిటీ

పై సూత్రంలో σ విలువను మారుస్తూ పోతే, షేరు ధర కదలకపోయినా ఆప్షన్ ధర మారుతూ ఉంటుంది. మన ఉదాహరణలో σ 60 శాతం అనుకుంటే పుట్ ధర 3.2 రూపాయలు వస్తుంది. 120 శాతం అనుకుంటే 11.9 రూపాయలు వస్తుంది. షేరు అదే, స్ట్రైకు అదే, గడువు అదే. మారినది రాబోయే రోజులపై ఉన్న అనుమానం మాత్రమే.

ఇప్పుడు మార్కెట్టులో ఆ పుట్ 7.3 రూపాయలకు అమ్ముడవుతోందనుకుందాం. ఏ σ పెడితే సూత్రం సరిగ్గా 7.3 ఇస్తుందో వెదకాలి. దీనిని నేరుగా తేల్చే సూత్రం లేదు కనుక ఒక్కొక్క విలువ పెట్టి చూస్తారు. 60 శాతం పెడితే ధర తక్కువ వచ్చింది, 120 పెడితే ఎక్కువ వచ్చింది. మధ్యనున్న 90 పెడితే 7.3 వస్తుంది. కనుక ఈ ఆప్షన్ ఇంప్లయిడ్ వొలాటిలిటీ 90 శాతం. కంప్యూటర్లు కూడా ఈ పనినే వేగంగా చేస్తాయి.

90 శాతం అనేది సంవత్సరానికి చెప్పిన అంకె. దానిని రోజుకు మార్చాలంటే సంవత్సరంలో ఉండే సుమారు 252 వ్యాపార దినాల వర్గమూలంతో, అంటే దాదాపు 16తో భాగించాలి. అపుడు 5.7 శాతం వస్తుంది. అంటే ఈ షేరు రోజుకు సుమారు 10 రూపాయలు అటూ ఇటూ కదలడం మామూలే అన్న లెక్కతో ఆప్షన్ ధర పలుకుతోందన్నమాట. షేరు ఏ దిశలో కదులుతుందో ఈ సంఖ్య చెప్పదు.

ఇంప్లయిడ్ వొలాటిలిటీని జోస్యంగా భావించడం తరచుగా జరిగే పొరపాటు. అది అనిశ్చితికి కొనేవారు, అమ్మేవారు కలిసి కుదుర్చుకున్న ధర. గతంలో షేరు నిజంగా ఎంత ఊగిందో తెలిపే చారిత్రక వొలాటిలిటీ వేరు, గడువు పూర్తయ్యాక తేలే అసలు వొలాటిలిటీ వేరు. ఈ మూడూ ఒకటిగా ఉండనక్కరలేదు.

ఇంప్లయిడ్ వొలాటిలిటీ ఒక శాతం మారితే ఆప్షన్ ధర ఎంత మారుతుందో చెప్పేది వేగా. మన పుట్ విషయంలో అది దాదాపు 15 పైసలు. అంటే 90 కాస్తా 100 అయితే, షేరు కదలకుండానే ప్రీమియం సుమారు ఒకటిన్నర రూపాయలు పెరుగుతుంది.

## డెల్టా, గామా

షేరు ధర ఒక రూపాయి మారితే ఆప్షన్ ధర ఎంత మారుతుందో డెల్టా తెలుపుతుంది. కాల్ ఆప్షన్‌కు ఇది 0 నుండి 1 వరకు, పుట్ ఆప్షన్‌కు 0 నుండి −1 వరకు ఉంటుంది. మన పుట్ డెల్టా −0.26. షేరు ఒక రూపాయి తగ్గితే పుట్ ధర 26 పైసలు పెరుగుతుంది, ఒక రూపాయి పెరిగితే అంతే తగ్గుతుంది.

డెల్టా కూడా వొలాటిలిటీని బట్టి మారుతుంది. ఇదే ఆప్షన్‌కు 60 శాతం వొలాటిలిటీ వద్ద డెల్టా −0.20 మాత్రమే. అందుచేత ఇద్దరు వ్యాపారులు వేర్వేరు వొలాటిలిటీలు వాడితే ఒకే ఆప్షన్‌కు వేర్వేరు డెల్టాలు చెబుతారు.

ఆప్షన్ లాభంలో ముగిసే అవకాశమే డెల్టా అని చాలా చోట్ల చెబుతారు. ఇది ఉజ్జాయింపు మాత్రమే. సూత్రం ప్రకారం ఆ అవకాశాన్ని తెలిపేది N(−d2). మన ఉదాహరణలో దాని విలువ 0.34, డెల్టా పరిమాణం 0.26. వొలాటిలిటీ, గడువు పెరిగిన కొద్దీ ఈ రెండింటి మధ్య తేడా పెరుగుతుంది.

షేరు 10 రూపాయలు తగ్గి 170కి వచ్చిందనుకుందాం. డెల్టా ప్రకారం పుట్ 2.6 రూపాయలు పెరగాలి. సూత్రంలో కొత్త ధర పెట్టి చూస్తే 7.3 నుండి 10.4కు చేరుతుంది, అంటే 3.1 పెరుగుదల. తేడాకు కారణం, షేరు పడుతూ ఉండగా డెల్టా కూడా మారి −0.35 కావడం. డెల్టాలో వచ్చే ఈ మార్పును కొలిచేది గామా. ఈ ఆప్షన్ గామా సుమారు 0.008. అంటే షేరు ఒక రూపాయి కదిలితే డెల్టా 0.008 మారుతుంది. డెల్టాను వేగంతో పోలిస్తే, ఆ వేగంలో వచ్చే మార్పు గామా.

## థీటా: అమ్మినవాడి రోజుకూలి

మిగతావేవీ మారకుండా ఒక రోజు గడిస్తే ఆప్షన్ ఎంత విలువ కోల్పోతుందో థీటా చెబుతుంది. మన పుట్‌కు ఇది రోజుకు 29 పైసలు. షేరు 180 వద్దనే నిలిచి ఏడు రోజులు గడిస్తే ప్రీమియం 7.3 నుండి 5.2కు తగ్గుతుంది.

ఆప్షన్ అమ్మినవాడికి ఇది రోజుకూలి వంటిది. అయితే ఈ కూలి ఊరికే రాదు. షేరు పెద్దగా కదిలితే గామా వలన కలిగే నష్టాన్ని భరించేందుకు ఒప్పుకున్నందుకు వచ్చే ప్రతిఫలమది. థీటా, గామా ఒకే నాణేనికి రెండు వైపుల వంటివి కనుక ఒకదానిని మాత్రమే చూసి లాభనష్టాలు అంచనా వేయడం సరికాదు.

## జనవరి 7న గ్రీకులు

జనవరి 6న ఒక వ్యాపారి 1,000 షేర్లకు సరిపడే ఈ పుట్లను 7.3 రూపాయల చొప్పున అమ్మాడనుకుందాం. అతనికి 7,300 రూపాయలు వస్తాయి. షేరు పడితే అతనికి నష్టం. దాని నుండి కాపాడుకోవడానికి డెల్టాను అనుసరించి 260 షేర్లను ఫ్యూచర్ల ద్వారా అమ్మి ఉంచుకుంటాడు. దీనిని డెల్టా హెడ్జింగ్ అంటారు. షేరు ఒక రూపాయి పడితే పుట్ల మీద 260 రూపాయల నష్టం, ఫ్యూచర్ల మీద 260 రూపాయల లాభం. రెండూ సరిపోతాయి. షేరు ఇంకా పడితే డెల్టా పెరుగుతుంది కనుక మరికొన్ని షేర్లు అమ్ముతూ పోవాలి. నెమ్మదిగా కదిలే మార్కెట్టులో ఈ పద్ధతి బాగానే పనిచేస్తుంది.

ఇప్పుడు షేరు 180 నుండి 40కి ఒక్క దూకుడుగా పడిందనీ, మధ్యలో సర్దుబాటు చేసుకునే వీలు కలగలేదనీ అనుకుందాం. 160కి అమ్మే హక్కు విలువ ఇపుడు కనీసం 120 రూపాయలు. లెక్క ఇలా ఉంటుంది:

* పుట్ల మీద బాధ్యత: 1,20,000 రూపాయలు
* ముందుగా వచ్చిన ప్రీమియం: 7,300 రూపాయలు
* ఫ్యూచర్ల మీద లాభం (260 షేర్లు, ఒక్కొక్కదానిపై 140 రూపాయలు): 36,400 రూపాయలు
* నికర నష్టం: 76,300 రూపాయలు

డెల్టా ప్రకారం తాను పూర్తిగా రక్షణలో ఉన్నానని భావించిన వ్యాపారికి, వచ్చిన ప్రీమియానికి పది రెట్లకు పైగా నష్టం మిగిలింది. డెల్టా తప్పు చెప్పలేదు. అది ఒక రూపాయి కదలికకు చెప్పిన సంఖ్య. దానిని 140 రూపాయల కదలికకు వాడడమే తప్పు.

గామాను కూడా కలిపితే ఈ లోటు తీరుతుందా అన్న ప్రశ్న వస్తుంది. డెల్టా, గామా రెండింటితో అంచనా వేస్తే 40 రూపాయల వద్ద పుట్ ధర 123 వస్తుంది. ఇది అసలు విలువకు దగ్గరగానే కనిపిస్తుంది గానీ కాకతాళీయం. ఇదే లెక్కను షేరు ధర సున్నా అయిన సందర్భానికి చేస్తే సుమారు 185 రూపాయలు వస్తుంది. 160కి అమ్మే హక్కు ఎన్నటికీ 160 కంటే ఎక్కువ విలువ చేయదు కనుక అది అసాధ్యం. పెద్ద కదలికలకు గ్రీకులను గుణించుకుంటూ పోకుండా, కొత్త షేరు ధరను నేరుగా సూత్రంలో పెట్టి ఆప్షన్ విలువను తిరిగి లెక్కించడమే సరైన పద్ధతి.

## సూత్రం చూడలేనిది

90 శాతం వొలాటిలిటీ చాలా ఎక్కువ. డిసెంబరులో జరిగిన పతనం తరువాత కూడా షేరు తీవ్రంగా ఊగవచ్చునని ఆ అంకె ఒప్పుకుంటోంది. అయినా సూత్రాన్నే అడిగితే, గడువులోగల 23 రోజుల చివర షేరు 40 లేదా అంతకంటే తక్కువగా ఉండే అవకాశం కొన్ని వేల కోట్లలో ఒక వంతు అని చెబుతుంది. వాస్తవంలో అది ఒక్క రోజులోనే జరిగింది.

దీనికి కారణం సూత్రం చేసుకున్న ఊహలో ఉంది. షేరు ధర చిన్న చిన్న అడుగులతో, ఎక్కడా తెగకుండా కదులుతుందని, ఆ అడుగుల పరిమాణం ఒకే తీరుగా ఉంటుందని బ్లాక్-షోల్స్ సూత్రం భావిస్తుంది. లెక్కల పుస్తకాలే నిజం కావని తెలిసిన క్షణంలో ధర అడుగులు వేయదు, దూకుతుంది. రాబర్ట్ మెర్టన్ 1976లో ఇటువంటి దూకుళ్ళను కూడా కలుపుకొనే నమూనాను ప్రతిపాదించాడు. ఐతే దూకుడు ఎపుడు వస్తుందో, ఎంత పెద్దదో ఏ నమూనా కూడా ముందుగా చెప్పలేదు.

మార్కెట్టు ఈ లోపాన్ని తనదైన పద్ధతిలో సరిచేసుకుంటుంది. సూత్రం నిజమైతే ఒకే షేరు, ఒకే గడువు గల ఆప్షన్లన్నింటికీ ఇంప్లయిడ్ వొలాటిలిటీ ఒకటిగా ఉండాలి. ఆచరణలో సూచీల ఆప్షన్లలో ప్రస్తుత ధర కంటే బాగా తక్కువ స్ట్రైకు గల పుట్లకు అది సాధారణంగా ఎక్కువగా ఉంటుంది. 1987 అక్టోబరులో అమెరికా మార్కెట్టు కుప్పకూలిన తరువాత ఈ తేడా అక్కడ స్పష్టంగా స్థిరపడింది. దీనిని స్క్యూ అంటారు. పెద్ద పతనాల భయానికి వ్యాపారులు చెల్లించే అదనపు ధర ఇది.

## తేదీ తెలిసిన సంఘటన

సత్యం లేఖ ఎప్పుడు వస్తుందో మార్కెట్టుకు తెలియదు. ఎన్నికల ఫలితాల వంటి సంఘటనలకు తేదీ ముందే తెలుసు. అప్పుడు ఇంప్లయిడ్ వొలాటిలిటీ వేరే తీరుగా నడుస్తుంది.

నిఫ్టీ ఆప్షన్ల ఇంప్లయిడ్ వొలాటిలిటీని సూచించే ఇండియా విక్స్ 2024 ఏప్రిల్ చివరలో 11 దరిదాపుల్లో ఉండగా, ఎన్నికలు జరుగుతున్న మే నెలలో 20 దాటింది. లోక్‌సభతో పాటు ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఓట్ల లెక్కింపు కూడా జరిగిన జూన్ 4న నిఫ్టీ దాదాపు 6 శాతం పడిపోగా, విక్స్ సుమారు 27 వద్ద ముగిసింది. మరుసటి రోజే అది 19 దరిదాపులకు దిగిపోయింది.

జూన్ 5న నిఫ్టీ 3 శాతానికి పైగా పెరిగింది. ముందురోజు సాయంత్రపు ధరకు కాల్ ఆప్షన్ కొన్నవాడికి డెల్టా లాభం తెచ్చింది, వేగా అందులో కొంత తీసివేసింది. ప్రస్తుత ధరకు చాలా దూరంలో ఉన్న స్ట్రైకులలో డెల్టా బాగా తక్కువ కనుక, దిశను సరిగా ఊహించినవాడు కూడా నష్టపోయే అవకాశం ఉంటుంది. అనిశ్చితి తీరిపోయినపుడు ప్రీమియంలోని ఆ భాగం ఆవిరి కావడమే దీనికి కారణం.

## చదివే విధానం

ఎక్స్చేంజీలు ప్రకటించే ఆప్షన్ల పట్టికలో ప్రతి స్ట్రైకు ఎదుట ఇంప్లయిడ్ వొలాటిలిటీ కనిపిస్తుంది. దానిని విడిగా చూస్తే ఆప్షన్ చవకదో ఖరీదైనదో తెలియదు. ఆ షేరు ఇటీవల నిజంగా ఎంత ఊగింది, గడువులోగా ఫలితాలు, తీర్పులు వంటి తేదీలు ఉన్నాయా అన్నవాటితో పోల్చి చూడాలి. లావాదేవీలు పలుచగా ఉన్న స్ట్రైకులలో చివరిసారి నమోదైన ధర పాతది కావచ్చు. అటువంటపుడు పట్టికలోని వొలాటిలిటీ అసహజంగా కనిపిస్తుంది. ఒక స్ట్రైకు అంకె పక్క స్ట్రైకుల కంటే విడిగా పైకో కిందికో ఉంటే ముందుగా అనుమానించవలసినది దీనినే.

డెల్టా, గామా, థీటా, వేగా విలువలు ఆ క్షణానికి, ఆ వొలాటిలిటీకి మాత్రమే చెల్లుతాయి. ఆప్షన్ అమ్మేవారు ఈ నాలుగింటితో పాటు ఐదవ లెక్క కూడా వేసుకోవడం పరిపాటి: షేరు ఒక్క రోజులో సగానికి పడితే లేదా రెట్టింపైతే తమ స్థితి ఏమవుతుందో ఆప్షన్ విలువను పూర్తిగా తిరిగి లెక్కించి చూసుకుంటారు. సత్యం పుట్ల విషయంలో 29 పైసల రోజుకూలి వెనుక ఉన్న 76,300 రూపాయల నష్టం ఏ ఒక్క గ్రీకులోనూ కనిపించదు. ఈ చివరి లెక్కలో మాత్రమే బయటపడుతుంది.